‘పావణే ఆఠ్’ అంటే ఎనిమిదింపావు కాదు: టేబుల్ బుకింగ్ ఫోన్‌లో తిరిగి చెప్పడం ఎలా?

ప్రశ్న: అక్కా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. డిగ్రీ అయ్యాక మా మేనమామ ఫ్యామిలీ రెస్టారెంట్‌లో కౌంటర్ చూసుకుంటున్నాను. టేబుల్ బుకింగ్ ఫోన్లన్నీ నేనే ఎత్తుతాను. నెల రోజుల్లో రెండు తప్పులు జరిగాయి. ఒకాయన ‘పావణే ఆఠ్’ అంటే నేను 8:15 రాశాను. వాళ్లు 7:45కే వచ్చారు. వాళ్లతో వచ్చిన ముసలామె అరగంట నిలబడాల్సి వచ్చింది. ఇంకొకాయన 19వ తేదీకి చెబితే 21 రాశాను. ఆ రోజు పిల్లలతో వచ్చి, టేబుల్ లేక తిరిగి వెళ్లిపోయారు. రెండుసార్లూ నేను తిరిగి చెప్పాను, వాళ్లు అవునన్నట్టు ‘హో’ అన్నారు. అదే నాకు అర్థం కావడం లేదు. ఎక్కువసార్లు అడిగితే ఈ పిల్లకు మరాఠీ రాదనుకుంటారని భయం. మామ ఫోన్ డ్యూటీ మా దగ్గర పనిచేసే మరాఠీ అబ్బాయికి ఇస్తానంటున్నాడు. నేను తప్పుకోనా? లేదంటే ఫోన్‌లో ఏం మాట్లాడాలో మీరే రాసి ఇస్తారా?

జవాబు: చెల్లెమ్మా, వాళ్లు ‘హో’ అన్నారు అన్న మాట దగ్గరే నీ చిక్కంతా ఉంది. ముందు దాన్ని విప్పుదాం.

ఆయన ‘పావణే ఆఠ్’ అన్నాడు. నువ్వు ‘పావణే ఆఠ్, బరోబర్?’ అని అడిగి ఉంటావు. తన మాటే తనకు వినిపించింది కాబట్టి ఆయన ‘హో’ అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఫోన్‌లో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మాట సరిగ్గానే నడిచింది. తప్పు జరిగింది నీ చెవికీ పెన్నుకీ మధ్య. ‘పావణే’లో నీకు మన ‘పావు’ వినిపించింది, ఎనిమిదికి పావు కలిపి 8:15 రాశావు. ఆ రాసింది ఆయనకు కనపడదు, నువ్వు దాన్ని పైకి చదవలేదు. విన్న మాటను విన్నట్టే తిరిగి పలికితే ఆ మాట సరిగ్గా వినపడిందని మాత్రమే తేలుతుంది. నీకు ఎలా అర్థమైందో తేలాలంటే దాన్ని వేరే మాటల్లో చెప్పాలి.

నువ్వు గమనించావో లేదో, నీ రెండు తప్పులకూ మూలం ఒక్కటే. మరాఠీలో 19ని ఏకోణీస్ అంటారు. సంస్కృతంలో ఏకోనవింశతి అంటే ఒకటి తక్కువ ఇరవై. ఆ ‘ఊన’ అంటే తక్కువ అని. పావణేలో ఉన్నదీ అదే, పాదం ఊనం, అంటే పావు తక్కువ. కాబట్టి పావణే ఆఠ్ అంటే పావు తక్కువ ఎనిమిది. హిందీలో పౌనే ఆఠ్ అన్నా ఇదే. మన ఎనిమిదింపావును వాళ్లు సవ్వా ఆఠ్ అంటారు. మనం పావు కలిపి చెప్పే చోట వాళ్లు తీసేసి చెబుతున్నారు, శబ్దం మాత్రం మన పావులాగే ఉంది. ఇక ఏకోణీస్ వినగానే ముందున్న ‘ఏక’ పట్టుకుని నువ్వు ఏక్‌వీస్ అనుకున్నావు. అది 21. నెలాఖరులో ఇదే గొయ్యి ఇంకోసారి వస్తుంది. ఏకోణ్‌తీస్ అంటే 29, ఏక్‌తీస్ అంటే 31. డిసెంబర్ 31కి బుకింగ్ ఫోన్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు కదా, ఈ జంటను ఇప్పుడే గుర్తుపెట్టుకో. మధ్యాహ్నం భోజనం వేళకు దీడ్, అడీచ్ అనే రెండు మాటలు కూడా కావాలి. దీడ్ అంటే ఒంటిగంటన్నర, అడీచ్ అంటే రెండున్నర. ఆ మాటల్లో గంట అంకె వినపడదు కాబట్టి ఊహించి రాయడం కుదరదు.

ఇదంతా మరాఠీతోనే వస్తుందనుకోకు. నేను నాందేడ్‌లో ఒక హోటల్ కౌంటర్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అచ్చ తెలుగు ఫోన్‌లోనే నేను పెద్ద తప్పు చేశాను. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకుని వస్తున్న కుటుంబం ‘ఇరవై మందిమి’ అన్నారు. బస్సు హారన్‌లో నాకు ‘అరవై’ అని వినపడింది. ‘అరవై మందా అండీ’ అన్నాను. వాళ్లకు అది ఇరవై అని వినపడింది, అవునన్నారు. హాలంతా ఖాళీ చేయించి టేబుళ్లు వేయించాను, వంటవాళ్లు అరవై మందికి అన్నం వార్చారు. ఇరవై మంది వచ్చి కూర్చున్నారు. ఆ వేళ గుమ్మం దగ్గర నుంచి ఎందరిని వెనక్కి పంపామో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ రోజు నేను ‘అరవై, ఆరు సున్నా’ అని ఉంటే అక్కడే దొరికిపోయేది. ఎనిమిది, తొమ్మిది కూడా ఫోన్‌లో ఇలాగే కలిసిపోతాయి. విమానాల రేడియోలో తొమ్మిదిని నైన్ అనకుండా నైనర్ అంటారు, వేరే అంకెలా వినపడకుండా ఉండేందుకే. మనకు అలాంటి ప్రత్యేక పలుకు లేదు కాబట్టి అంకెలు విడదీసి చెప్పుకోవాలి.

ఇప్పుడు నువ్వు అడిగిన మాటలకు వస్తాను. ముందు ఒక్క అలవాటు చేసుకో. ఫోన్ ఎత్తేటప్పటికి డైరీ తెరిచి, పెన్ను చేతిలో ఉండాలి, గోడ క్యాలెండర్ కంటికి ఎదురుగా ఉండాలి. వినగానే అంకెల్లో రాయి. తిరిగి చెప్పేటప్పుడు చెవిలో మిగిలిన మాట కాకుండా, కాగితం మీద రాసింది చూసి చదువు. నువ్వు 8:15 రాసుకుని దాన్నే చదివి ఉంటే ఆయన వెంటనే ‘నాహీ, నాహీ’ అనేవాడు.

తేదీని ఎప్పుడూ వారంతో జత చేసి చెప్పు. ఇది అన్నిటికంటే గట్టి తాళం. 19 ఆదివారం అయితే 21 మంగళవారం అవుతుంది. నువ్వు ‘మంగళ్‌వార్, ఏక్‌వీస్ తారీఖ్’ అని చదివిన మరుక్షణం ఆయన ఆపేవాడు. ఎందుకంటే తేదీ పొరపాటుగా విన్నా, ఇంట్లో అందరికీ సెలవున్న రోజు ఏ వారమో ఎవరూ మర్చిపోరు. తెలుగువాళ్లు ‘వచ్చే ఆదివారం’ అన్నప్పుడు కూడా ఇదే మందు. బుధవారం రోజు ఫోన్ చేసి వచ్చే ఆదివారం అంటే కొందరికి నాలుగు రోజుల్లో వచ్చేది, కొందరికి ఆ పై వారం. ఏది అని వాదన పెట్టుకోకుండా ‘19 ఆదివారమా, 26 ఆదివారమా అండీ?’ అని అడిగెయ్.

సమయాన్ని గంటలు, నిమిషాలుగా మార్చి చెప్పు. వాళ్లు పావణే ఆఠ్ అంటే నువ్వు ‘సాత్ పంచేచాళీస్’ అను. పంచేచాళీస్ నోరు తిరగకపోతే ‘ఆఠ్‌లా పంధరా మినిటం కమీ’ అను, అంటే ఎనిమిదికి పదిహేను నిమిషాలు తక్కువ. తెలుగువాళ్లు ‘ఏడున్నర’ అంటే ‘ఏడు ముప్పై’ అను. ఈ ‘న్నర’ చాలా మెత్తని మాట, ఫోన్‌లో చివర మింగేసినట్టై ఉత్త ‘ఏడు’ మిగులుతుంది. పగలా రాత్రా అన్నది కూడా కలిపి చెప్పు.

ఎంతమంది అన్న దగ్గర రెండు పనులున్నాయి. అంకె విడదీయడం ఒకటి. పంధరా అంటే 15, పన్నాస్ అంటే 50. కాబట్టి ‘పంధరా జణ్, ఏక్ పాచ్’ అను. రెండోది పిల్లల లెక్క. పెద్దవాళ్లు పిల్లలను ఒక్కోసారి కలుపుతారు, ఒక్కోసారి వదిలేస్తారు. మీ హాల్లో నలుగురు కూర్చునే టేబుళ్లే ఉంటే నాలుగు కలిపితే 16 కుర్చీలు. పదిహేను మందికి సరిపోతాయి. ఆ పదిహేనులో కలపని ఇద్దరు పిల్లలు వస్తే 17, అప్పుడు అయిదో టేబుల్ కావాలి. అప్పటికప్పుడు పక్కవాళ్లను లేపలేం. ‘దహా బారా జణ్’, అంటే పదీ పన్నెండు మంది, అని అటూ ఇటూగా చెబితే పై అంకె రాసి, అదే చదివి వినిపించు.

అన్నిటికంటే ముఖ్యం, మూడింటినీ ఒక్క ఊపులో చదివి చివర ఒకే ఒక్క ‘బరోబర్?’ అడగకు. ఆదివారం ఏడు నలభై ఐదు పదిహేను మంది అని గబగబా పోతే అవతలి మనిషి ఫోన్ పెట్టేసే తొందరలో హో అనేస్తాడు. ఒక్కోదాని తర్వాత ఆగు, ఆయన నోటి నుంచి జవాబు వచ్చాకే తర్వాతదానికి వెళ్లు. నువ్వు భయంతో తొందరపడుతున్నావని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను.

నీ రెండో ఫోన్ ఇలా జరిగి ఉండాల్సింది. ఆ రోజు 15 బుధవారం అనుకుందాం. సమయం, మంది నేను వేసుకున్నవే.

‘నమస్కార్. బోలా, కోణత్యా దివశీ పాహిజే?’ ఏ రోజుకు కావాలి అని నువ్వు అడిగావు.

‘ఏకోణీస్ తారఖేలా. పావణే ఆఠ్ వాజతా. పంధరా జణ్.’

ఆయన మూడూ ఒకేసారి చెప్పేశాడు. ఫర్వాలేదు. నువ్వు డైరీలో 21, 8:15, 15 అని రాసుకున్నావనే అనుకుందాం, అంటే రెండు తప్పులూ చేశావు. క్యాలెండర్ చూసి మొదలుపెట్టావు.

‘మంగళ్‌వార్, ఏక్‌వీస్ తారీఖ్. దోన్ ఏక్. బరోబర్?’

‘నాహీ, నాహీ, రవివార్!’

‘మాఫ్ కరా. రవివార్, ఏకోణీస్ తారీఖ్. ఏక్ నవూ. బరోబర్?’

‘హో.’

‘సంధ్యాకాళీ ఆఠ్ పంధరా. బరోబర్?’

‘నాహీ, పావణే ఆఠ్. ఆఠ్‌చ్యా ఆధీ.’

ఎనిమిదికి ముందు అని ఆయనే విడమరిచాడు చూడు. 8:15 కొట్టేసి 7:45 రాశావు.

‘సాత్ పంచేచాళీస్. బరోబర్?’

‘హో, బరోబర్.’

‘పంధరా జణ్, ఏక్ పాచ్. లహాన్ ములం ధరూన్ కా?’

‘ములం ధరూన్.’ అంటే చిన్నపిల్లలను కలిపే పదిహేను.

ఆ తర్వాత పేరు, మొబైల్ నెంబరు. నెంబరు రెండేసి అంకెలుగా చదివి వినిపించు. టేబుల్ ఎంతసేపు ఆపుతారో కూడా చెప్పాలి. పావుగంటా, ఇరవై నిమిషాలా అన్నది మామయ్యను అడిగి ఖాయం చేసుకో, నీ అంతట నువ్వు మాట ఇవ్వకు. ఇదంతా కలిపి నిమిషం దాటదు. రెండు తప్పులు చేసిన మనిషి కూడా ఫోన్ పెట్టేసేటప్పటికి సరైన అంకెలతో బయటపడింది. నీకు మరాఠీ మొత్తం వచ్చి ఉండాలన్న షరతు ఇందులో లేదు.

ఇలా అడిగితే భాష రాదనుకుంటారేమో అన్న నీ భయం గురించి ఒక మాట. ‘కాయ్? కాయ్? పున్హా సాంగా’ అని ఆయన చేతే మళ్లీ మళ్లీ చెప్పిస్తే అలా అనుకోవచ్చు. నువ్వే చదివి వినిపించి, అవునా కాదా అని మాత్రమే ఆయనను అడిగితే ఎవరూ అలా అనుకోరు. నా అనుభవంలో పెద్ద కుటుంబాల వాళ్లు ఇలా చదివి వినిపిస్తే నిమ్మళించేవాళ్లు, డైరీలో తమ పేరు పడిందని వాళ్లకు నమ్మకం కుదిరేది.

ఇక ఫోన్ ఎవరి చేతిలో ఉండాలన్న సంగతి. నీ ముందు మూడు దారులున్నాయి, దేని కష్టం దానికుంది.

మామయ్య అన్నట్టు ఆ అబ్బాయికి ఇచ్చేస్తే మరాఠీ ఫోన్లలో ఈ పొరపాట్లు తగ్గుతాయి. కానీ మీ ఊరు బాసరకు పక్కనే. అటు నిజామాబాద్ నుంచి వచ్చే తెలుగువాళ్లు ‘ఎనిమిదింపావుకు వస్తాం’ అంటారు. పావణే అలవాటైన ఆ అబ్బాయి చెవికి అది 7:45 అవుతుంది. నీ తప్పే తిరగబడి అతని చేత జరుగుతుంది. ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా అంకెల్లో చదివి వినిపించే పద్ధతి లేకపోతే మామయ్యకు ఈ తలనొప్పి పోదు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చెప్పు.

రెండో దారి, మరాఠీ ఫోన్ వస్తే అతనికి, తెలుగు ఫోన్ వస్తే నీకు. వినడానికి బాగుంటుంది. కానీ రాత్రి ఎనిమిదింటికి అతను వడ్డనలో ఉంటాడు, ఫోన్ పట్టుకుని నువ్వు అతన్ని వెతకాలి. పైగా ఒకే డైరీలో ఇద్దరు రాస్తే, ఒకరు రాయడం ఆలస్యమైనప్పుడు ఒకే టేబుల్ ఇద్దరికి ఇచ్చేస్తారు. ఇది చేయాలంటే రాసేది మాత్రం ఒక్కరే ఉండాలి.

మూడోది, ఫోన్ నీ దగ్గరే ఉంచుకుని, మాట అయ్యాక ఒక మెసేజ్ పంపడం. ‘19 ఆదివారం, రాత్రి 7:45, 15 మంది పిల్లలతో కలిపి. తేడా ఉంటే ఈ నెంబరుకు చెప్పండి’ అంతే చాలు, మరాఠీవాళ్లకు అదే మరాఠీలో. రాసిన అంకెకు పావు, పావణే గొడవ లేదు. అయితే పెద్దవాళ్లు చాలామంది మెసేజ్ తెరవరు. చూశారన్న నీలి టిక్కులు పడినా చదివి సరిచూశారని నమ్మకం లేదు. కాబట్టి నోటితో చదివి వినిపించాక దీన్ని పైగా పంపు. మెసేజ్ పంపుతున్నాం కదా అని చదవడం మానేస్తే నువ్వు మొదటికే వచ్చినట్టు.

నన్నడిగితే మామయ్యను పదిహేను రోజులు గడువు అడుగు. ఆ పదిహేను రోజులూ డైరీలో ప్రతి బుకింగ్ పక్కన, చదివి వినిపించినప్పుడు అవతలివాళ్లు ఏదైనా సరిచేస్తే చిన్న గుర్తు పెట్టు. తేదీ దగ్గర తే, సమయం దగ్గర స, మంది దగ్గర మ. నీకు ఏది ఎక్కువ తప్పుతోందో నీకే కనపడుతుంది, ఆయనకు చూపించడానికీ ఉంటుంది. సమయం దగ్గరే గుర్తులు గుట్టపడుతుంటే సవ్వా, సాడే, పావణే మూడూ ఒక చీటీ మీద రాసి ఫోన్ పక్కన అతికించు. సాడే సాత్ 7:30, పావణే ఆఠ్ 7:45, సవ్వా ఆఠ్ 8:15. మరాఠీ అబ్బాయి కోసం ఎదురుగా మన మాటలూ రాయి: ఏడున్నర, పావు తక్కువ ఎనిమిది, ఎనిమిదింపావు. గడువు అయ్యాక కూడా వచ్చినవాళ్లకు టేబుల్ దొరకని సందర్భాలు వస్తూనే ఉంటే, అప్పుడు తప్పుకోవడం గురించి ఆలోచించు. ఇప్పుడు తప్పుకుంటే తప్పు ఎక్కడుందో తెలియకుండానే తప్పుకున్నట్టవుతుంది.

ఇంకొక్క పని మిగిలింది. ఆ 19న పిల్లలతో వెనక్కి వెళ్లిపోయిన కుటుంబం నెంబరు నీ డైరీలో 21వ తేదీ పేజీలో ఇంకా ఉంటుంది. మామయ్యకు చెప్పి నువ్వే ఫోన్ చెయ్. తేదీ నేను తప్పు రాశాను, క్షమించండి అని సూటిగా చెప్పు, మరాఠీ తడబడినా ఫర్వాలేదు. వాళ్లు మళ్లీ వస్తామంటే పెన్ను తీసుకుని, వారంతో మొదలుపెట్టు.